ప్రసూతి సెలవు జీతం: భాగించేది ఏ రోజులతో, గుణించేది ఏ రోజులతో?

నేను ఒక ప్రైవేటు డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. నాది నెల జీతం కాదు, రోజు కూలీ లెక్క. రోజుకు 900 రూపాయలు, వచ్చిన రోజుకే డబ్బు, ఆదివారం పని లేదు కాబట్టి జీతమూ లేదు. ఇళ్ళకు వెళ్ళి రక్తం శాంపిళ్ళు తెస్తే దానికి నెలాఖరున విడిగా ఇన్సెంటివ్ వేస్తారు. ఇలాంటి జీతానికి ప్రసూతి సెలవు డబ్బు ఎలా లెక్క కడతారో నా కాన్పు దాకా నాకెవరూ చెప్పలేదు. ఆఫీసులో అడిగితే మనిషికో లెక్క చెప్పారు. వాళ్ళు మొదట వేసిన దానికి, చివరికి నా ఖాతాలో పడ్డ దానికి 66 వేల పైచిలుకు తేడా వచ్చింది. అందుకే అంకెలతో సహా రాస్తున్నాను.

ముందు ఎవరు ఇవ్వాలన్నది తేలాలి. నెలకు 26 రోజులు పనిచేస్తే నాకు 23,400 వస్తుంది. ఈఎస్ఐలో ఉండటానికి జీతం పరిమితి నెలకు 21,000. దాని పైన ఉన్నాను కాబట్టి నాకు ఈఎస్ఐ లేదు, డబ్బు ఇవ్వాల్సింది నేరుగా యజమానే. అది అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం కింద. దుకాణాలు, సంస్థల్లో అయితే పది మంది, అంతకు పైన పనిచేసే చోటికి ఈ చట్టం వర్తిస్తుంది. మా సెంటర్‌లో డ్రైవర్లతో కలిపి ముప్పై మందికి పైనే ఉంటాం, అక్కడ పేచీ రాలేదు.

పేచీ వచ్చింది అర్హత దగ్గర. నేను అక్కడ చేరింది 2024 ఫిబ్రవరి 1న. డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ 2024 సెప్టెంబరు 12. మేనేజర్ సార్ చాలా మర్యాదగానే, "నీకింకా ఏడాది సర్వీసు నిండలేదు కదమ్మా, సెలవైతే ఇస్తాం, జీతం ఎలా వస్తుంది?" అన్నారు. ఆయన కావాలని ఎగ్గొట్టాలనుకున్నారని నేననుకోను. ఏడాది అన్న మాట ఎక్కడో విన్నారు, అది అలాగే మనసులో ఉండిపోయింది. నిజానికి చట్టంలో ఏడాది సర్వీసు అన్న షరతే లేదు. ఊహించిన కాన్పు తేదీకి ముందున్న పన్నెండు నెలల్లో అదే యజమాని దగ్గర కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి, అంతే. పన్నెండు నెలలనేది ఆ 80 రోజుల్ని వెతుక్కునే కిటికీ మాత్రమే. అన్నాళ్ళూ ఉద్యోగంలో ఉండి తీరాలని కాదు.

నా విషయంలో ఆ కిటికీ 2023 సెప్టెంబరు 12 నుంచి 2024 సెప్టెంబరు 11 వరకు. ఫిబ్రవరికి ముందు అంతా ఖాళీ. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల హాజరు కలిపితేనే 70 దాటింది, మే సగానికల్లా 80 నిండింది. ఆ 80లో మనం పనిచేసిన రోజులతో పాటు, యజమాని పని లేదని లే-ఆఫ్ ఇచ్చిన రోజులు, మే డే లాంటి జీతంతో కూడిన చట్టబద్ధమైన సెలవులు కూడా చేరతాయి. నాలాగా జీతం లేని ఆదివారాలు చేరవు. రోజు కూలీ అన్నది అర్హతకు అడ్డం కాదు. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడవాళ్ళ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే ఆ సంగతి తేల్చేసింది.

ఇవన్నీ నాకు చెప్పింది మా వదిన, అంటే మా ఆయన అక్క. ఆవిడ ఒక మిల్లులో టైమ్ ఆఫీసులో పనిచేస్తుంది. రోజూ మస్టర్‌తోనే ఆవిడ కాపురం. ఫోన్‌లో నా మాట సగం వినగానే, "ఏడాది గీడాది ఏమీ లేదు, నీ హాజరు కాగితం తెచ్చుకో ముందు. జీతం అంకె గురించి తర్వాత పోట్లాడొచ్చు, రోజుల అంకె చేతిలో లేకపోతే ఏం మాట్లాడినా గాలికే" అంది. ఆ ఒక్క సలహా తర్వాత చాలా పనికొచ్చింది. బయోమెట్రిక్ హాజరు నెలవారీగా ప్రింటు తీయించుకుని, పే స్లిప్‌లతో కలిపి ఒక ఫైల్లో పెట్టుకున్నాను.

సెలవు ఆగస్టు 1 నుంచి పెట్టాను. కాన్పు తేదీకి సరిగ్గా ఆరు వారాల ముందు. చట్టం మొత్తం 26 వారాలిస్తుంది, అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాలకు మించి వాడుకోకూడదు. ఇది 2017లో పెంచిన లెక్క. అప్పటికే ఇద్దరు పిల్లలు బతికి ఉన్న తల్లికి 26 కాదు, 12 వారాలే. నాకిది మొదటి కాన్పు. నెల ఒకటో తేదీన మొదలుపెట్టడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది: సెలవు మొదలైన తేదీకి ముందున్న మూడు క్యాలెండర్ నెలల జీతం మీదే సగటు కడతారు కాబట్టి మే, జూన్, జూలై అని గీత గీసినట్టు వచ్చేసింది. నెల మధ్యలో మొదలుపెట్టి ఉంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నదాని మీద ఇంకో చర్చ నడిచేది.

నోటీసు రాతపూర్వకంగా ఇచ్చాను. ఏ తేదీ నుంచి రానో, ఆ కాలంలో ఇంకెక్కడా పనిచేయనని, డబ్బు నాకు గానీ నేను చెప్పిన మనిషికి గానీ ఇవ్వాలని అందులో ఉండాలి. నేను మా ఆయన పేరు రాశాను. గర్భం ధ్రువీకరించే డాక్టరు కాగితం జత చేసి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకున్నాను.

నాలుగు రోజులకు అకౌంట్స్ నుంచి లెక్క షీటు వాట్సాప్‌లో వచ్చింది. మధ్యలో ఒక గడిలో 645.65 అని ఉంది. అదేమిటో అర్థం కాలేదు. నా రోజు జీతం 900 కదా, సగటు అంతకంటే తక్కువ ఎలా అవుతుంది? ఏదో నెలలో రేటు తగ్గించారా అని పే స్లిప్‌లు తిరగేశాను. తగ్గలేదు. ఆ గడి మీద నొక్కి చూస్తే ఇది కనిపించింది:

```
=59400/92
```

59,400 అన్నది సరైన అంకే. మే నెలలో 24 రోజులు, జూన్‌లో 20, జూలైలో 16, మొత్తం 60 రోజులు పనిచేశాను. రోజులు తగ్గుతూ రావడానికి కారణం చెప్పనక్కర్లేదు, ఏడో నెల దాటాక గంటల తరబడి నిలబడి పనిచేయడం నా వల్ల కాలేదు. 60 రోజులకు 900 చొప్పున 54,000. ఇళ్ళ నుంచి శాంపిళ్ళు తెచ్చినందుకు ఇన్సెంటివ్ మేలో 2,700, జూన్‌లో 1,800, జూలైలో 900, మొత్తం 5,400. రెండూ కలిపితే 59,400. మే డేకి వచ్చిన ఒక రోజు జీతాన్ని పక్కన పెట్టారు. ఆ రోజు పనిచేసిన రోజు కాదు కాబట్టి పైనా కింద రెండు చోట్లా అది లేకపోవడమే సరైనది. ఇన్సెంటివ్ చేర్చడమూ సరైనదే. 1961 చట్టం జీతం నిర్వచనంలో కరువు భత్యం, ఇంటద్దె భత్యం లాంటి నగదు భత్యాలతో పాటు ఇన్సెంటివ్ బోనస్ కూడా ఉంది. ఓవర్‌టైమ్, మామూలు బోనస్, యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ ఉండవు. మేలో ఒక ఆదివారం క్యాంపుకు పంపి ఇచ్చిన ఓవర్‌టైమ్‌ను అందుకే తీసేశారు. పై అంకె వరకు అకౌంటెంట్ పని శుభ్రంగా ఉంది.

తప్పంతా కింద ఉన్న 92లో ఉంది. మే 31, జూన్ 30, జూలై 31, కలిపి 92. అంటే మూడు నెలల క్యాలెండర్ రోజులన్నిటితో భాగించారు. చట్టం చెప్పేది అది కాదు. ఆ మూడు నెలల్లో ఆమె పనిచేసిన రోజులకు రావలసిన జీతపు సగటు అంటుంది. జీతం తీసుకున్నది 60 రోజులకు, కాబట్టి భాగించాల్సిందీ 60తోనే. 59,400ని 60తో భాగిస్తే 990.

ఈ ఒక్క చోట కొంచెం ఆగాలి, ఎందుకంటే గర్భిణులకు దెబ్బ తగిలేది ఇక్కడే. సెలవుకు ముందు మూడు నెలల్లో ఎవరైనా నాగాలు ఎక్కువ పెడతారు. ఒకరోజు స్కానింగు, ఇంకోరోజు కాళ్ళ వాపు. క్యాలెండర్ రోజులతో భాగిస్తే ప్రతి నాగా సగటును కిందికి లాగుతుంది. ఆ తగ్గిన సగటుతో ఆరు నెలలూ తక్కువ జీతమే వస్తుంది. పనిచేసిన రోజులతో భాగిస్తే నాగా పైనా ఉండదు, కిందా ఉండదు, సగటు కదలదు. జూలైలో నేను 16 రోజులకు బదులు ఆరు రోజులే వెళ్ళినా మూల జీతం సగటు 900 దగ్గరే ఉండేది. ఇన్సెంటివ్ మాత్రం అలా కాదు. అది తగ్గితే సగటు నిజంగానే తగ్గుతుంది. జూన్, జూలైలో కూడా మే నెలంత తెచ్చుకుని ఉంటే నా సగటు ఇంకో నలభై ఐదు రూపాయలు పెరిగేది. కడుపుతో మేడలెక్కి శాంపిళ్ళు తేలేకపోయాను కాబట్టి ఆ నష్టం చట్టప్రకారమే నాది. న్యాయంగా అనిపించదు గానీ సూత్రం అంతే.

తప్పు తెలుసుకోవడానికి తేలిక గుర్తు ఒకటుంది. రోజు కూలీ మీద పనిచేసేవాళ్ళ సగటు వాళ్ళ రోజు రేటు కంటే తక్కువగా కనిపిస్తే, ఆ మూడు నెలల్లో రేటు మారకపోతే, ఎవరో తప్పు అంకెతో భాగించారన్నమాటే. ఇంకో హద్దు కూడా ఉంది. లెక్క కట్టిన సగటు, ఆ పనికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అదే తీసుకోవాలి. 1961 చట్టంలో మూడోదిగా పది రూపాయలని కూడా ఉండేది, ఇప్పుడది చదివితే నవ్వొస్తుంది. నాకు 990 కనీస వేతనం కంటే పైనే ఉంది కాబట్టి దాని అవసరం పడలేదు.

ఇదంతా రాసి మెయిల్ పెట్టాను, హాజరు ప్రింట్లు జత చేశాను. అకౌంటెంట్ గారు ఫోన్ చేసి, "అమ్మా, మీరన్నది కరెక్టే, అరవైతో భాగించాం" అన్నారు. మర్నాడు రెండో షీటు వచ్చింది. సగటు గడిలో 990 ఉంది. మొత్తం గడిలో 1,54,440 ఉంది. మొదట వేసిన దాదాపు 1,17,500 నుంచి బాగానే పెరిగింది కదా అని మా ఆయన సంబరపడ్డారు. వదినకు పంపితే ఆవిడ ఒక్క నిమిషంలో ఫోన్ చేసింది.

"990తో గుణించింది దేన్ని?" అంది.

"156ని."

"అదెక్కడి నుంచి వచ్చింది?"

"వారానికి ఆరు రోజుల చొప్పున 26 వారాలు."

"మరి ఆదివారాలు ఏ గంగలో కలిశాయి?"

నిజం చెప్పాలంటే, నాకు అకౌంటెంట్ గారి లెక్కలో వంక కనిపించలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆదివారానికి జీతం లేదు, సెలవులో ఉన్నప్పుడు ఎందుకు ఉండాలి అన్నది ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంది. ఇదే వాదన ఒకప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తమిళనాడులో ఆనైమలై కొండల్లోని ఒక ఎస్టేట్‌లో పనిచేసే ఒక కూలీ స్త్రీకి అప్పటి చట్టం ప్రకారం 12 వారాలు రావాలి. ఎస్టేట్ వాళ్ళు పన్నెండు ఆదివారాలు తీసేసి 72 రోజులకు కట్టిచ్చారు. ఆవిడ 84 రోజులకు కావాలంది. బి. షా కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 1977లో తీర్పు ఆవిడ వైపే వచ్చింది. వారం అంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులు, జీతం లేని సెలవు రోజులకు కూడా ప్రసూతి ప్రయోజనం చెల్లించాలి అని కోర్టు చెప్పింది. పనిచేస్తున్నప్పుడు వచ్చే ఆదాయం సెలవులో తగ్గకూడదు, పైగా తల్లి, బిడ్డ కోలుకోవడానికి ఖర్చుంటుంది అన్న ఉద్దేశంతో ఆ నిబంధనను చదవాలంది.

కాబట్టి లెక్కలో రెండు చోట్ల రెండు రకాల రోజులొస్తాయి. సగటు కట్టేటప్పుడు భాగించేది పనిచేసిన రోజులతో. చెల్లించేటప్పుడు గుణించేది క్యాలెండర్ రోజులతో, ఆదివారాలు, పండగలతో సహా. మా ఆఫీసు మొదటి షీటులో భాగహారం తప్పు, రెండో షీటులో గుణకారం తప్పు. తమాషా ఏమిటంటే, మొదటి షీటులో గుణించింది 182తోనే. భాగహారం సరిచేస్తూ, అన్నీ పని రోజులే కావాలనుకుని గుణకారాన్ని కూడా మార్చేశారు.

సరైన లెక్క ఇది. 26 వారాలు, వారానికి ఏడు రోజులు, 182 రోజులు. 182ని 990తో గుణిస్తే 1,80,180. ఆగస్టు 1 నుంచి లెక్కపెడితే ఆ 182వ రోజు 2025 జనవరి 29. నెల జీతగాళ్ళకు ఈ తలనొప్పి చాలామటుకు ఉండదు. చాలా కంపెనీలు నెలనెలా పడే జీతాన్నే ఆరు నెలలు కొనసాగిస్తాయి. జీతం రోజుకో ముక్కగా వచ్చేవాళ్ళకే ఇదంతా.

ఈసారి మెయిల్‌తో పాటు తీర్పు ప్రతి కూడా పంపాను. వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. "మా ఆడిటర్‌ని అడగాలి" అన్నారు. అడగనివ్వండి అనుకున్నాను. ఆయన ఒప్పుకోకపోతే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. విచారించి డబ్బు చెల్లించమని ఆదేశించే అధికారం ఆయనకు చట్టంలోనే ఉంది, దానికి కోర్టుకెక్కనక్కర్లేదు. ఆ కాగితం రాసి పెట్టుకున్నాను గానీ ఇవ్వాల్సిన పని పడలేదు. ఆడిటర్ గారు 182 అనే చెప్పారట.

డబ్బు రెండు విడతలుగా రావాలి. కాన్పుకు ముందు కాలానికి, గర్భం రుజువు చూపగానే ముందుగా ఇవ్వాలి. నాకది ఆరు వారాలు, 42 రోజులు, 41,580 రూపాయలు. మిగిలిన 140 రోజులకు 1,38,600 రూపాయలు, బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లోగా. మా వాళ్ళు నెలనెలా జీతంలాగా వేస్తామన్నారు, చాలా చోట్ల అలాగే చేస్తారు. నేను ఒప్పుకోలేదు. ఆస్పత్రి బిల్లు నెలవారీ వాయిదాల్లో కట్టించుకోదు కదా! లెక్క మీద బేరాలు నడిచినన్నాళ్ళూ మొదటి విడత ఆగిపోయి ఆగస్టు మూడో వారంలో పడింది. రెండోది, హాస్పిటల్ ఇచ్చిన జనన ధ్రువీకరణ పంపాక, 48 గంటల్లో కాదు గానీ ఆ వారంలోనే వచ్చింది.

పాప అనుకున్న తేదీకి మూడు రోజుల ముందే పుట్టింది. దానివల్ల మొత్తం మారదు. కాన్పుకు ముందు వాడిన రోజులు తగ్గి తర్వాతి రోజులు పెరుగుతాయి, 182 అలాగే ఉంటుంది. అకౌంటెంట్ గారు ఈ సందేహం కూడా అడిగారు పాపం.

దీనికి తోడు మెడికల్ బోనస్ 3,500. కాన్పుకు ముందు, తర్వాత వైద్యం యజమాని ఉచితంగా ఏర్పాటు చేయని చోట ఇది ఇవ్వాలి. షీటులో ఆ వరుసే లేదు. ఈసారి నేను మెయిల్ కూడా రాయలేదు, ఫోన్‌లో అడిగితే కలిపేశారు. మొత్తం 1,83,680.

మా సెంటర్ రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి నా తర్వాత సెలవు పెట్టింది. ఆ అమ్మాయి జీతం 16,000, ఈఎస్ఐ ఉంది. నా ఫైలు అడిగి తీసుకెళ్ళింది గానీ ఆమెకు అది పెద్దగా పనికి రాలేదు. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకు యజమాని కాదు, ఈఎస్ఐ సంస్థే నేరుగా చెల్లిస్తుంది. అర్హత కూడా 80 రోజులు కాదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని వాళ్ళకు ఆరేసి నెలల చందా కాలాలు ఉంటాయి. కాన్పుకు సంబంధించిన రెండు వరుస చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకు చందా పడి ఉండాలి. సగటు కూడా మూడు నెలల మీద కాదు, చందా కాలంలో వచ్చిన జీతాన్ని జీతం పడ్డ రోజులతో భాగించి కడతారు. అందుకని ఆమె చూసుకోవాల్సింది హాజరు ప్రింటు కాదు, యజమాని తన పేరు మీద చందా నిజంగా కట్టాడా, ఎన్ని రోజులకు చూపించాడు అన్నది.

ఇప్పుడు సెలవు పెట్టేవాళ్ళకు ఇంకో తేడా వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి 1961 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. 80 రోజులు, 26 వారాలు, మూడు నెలల్లో పనిచేసిన రోజుల సగటు, ఇవేవీ మారలేదు. మారింది జీతం అన్న మాటకు అర్థం. ఇంటద్దె భత్యం, ప్రయాణ భత్యం లాంటివి ఇప్పుడు జీతంలోకి రావు. కాకపోతే అలా బయట పెట్టినవన్నీ కలిసి మొత్తం ఆదాయంలో సగం దాటితే, దాటిన ముక్కను తిరిగి జీతంలో కలపాలి. ఉదాహరణకు నెలకు 30,000 వచ్చే మనిషికి మూలవేతనం, కరువు భత్యం కలిపి 12,000 మాత్రమే చూపించి, మిగతా 18,000 భత్యాలని రాస్తే, సగం అయిన 15,000 పైన ఉన్న 3,000 జీతంలోకి వస్తుంది. సగటు కట్టేది 12,000 మీద కాదు, 15,000 మీద. పే స్లిప్‌లో భత్యాల వరుసలు పొడుగ్గా ఉన్నవాళ్ళు అకౌంట్స్ షీటు అందగానే ముందు ఆ పై అంకెను సరిచూసుకోవాలి, కింద ఉన్న రోజుల అంకె దాని తర్వాత.